షేరు ధర కదలకపోయినా ఎంత వచ్చింది? డివిడెండ్లు కలిపి లెక్క వేయడం ఎలా?

మా బాబాయ్ విశాఖ పోర్టులో పనిచేసి రిటైరయ్యాడు, గాజువాకలో ఉంటాడు. మొన్న ఆదివారం వెళ్తే ఫోన్లో ఒక షేరు చార్టు చూపించాడు. "2020 ఆగస్టులో రెండొందలకి వంద షేర్లు కొన్నానురా. ఐదేళ్లయింది, ఇవాళా రెండొందలే. ఒక్క రూపాయి రాలేదు, అమ్మేస్తాను" అన్నాడు.

అమ్మాలా వద్దా అన్నది వేరే సంగతి. ఒక్క రూపాయి రాలేదన్న మాట మాత్రం తప్పు. ఆ కంపెనీ తన లాభంలోంచి ఏటా షేరుకు 8 రూపాయలు డివిడెండ్ ఇస్తోంది. ఆ డబ్బు పెన్షన్ పడే ఖాతాలోనే పడి, కూరగాయలకీ కరెంటు బిల్లుకీ ఖర్చైపోయింది. చార్టులో అది ఎక్కడా కనపడదు.

పైగా చార్టులో డివిడెండ్ నష్టంలా కనిపిస్తుంది. ఎక్స్-డేట్ నాడు, అంటే ఆ రోజు కొన్నవాళ్లకి డివిడెండ్ రాని రోజున, షేరు ధర దాదాపు డివిడెండ్ మేరకు తగ్గి మొదలవుతుంది. కంపెనీ ఖజానాలోంచి డబ్బు బయటికి వెళ్లిపోయింది కాబట్టి అలా తగ్గడం న్యాయమే. కోల్ ఇండియా 2010లో 245 రూపాయల ధరకి ఐపీఓకి వచ్చింది. 2014 జనవరిలో షేరుకు 29 రూపాయల మధ్యంతర డివిడెండ్ ఇచ్చింది. ఇష్యూ ధరలో దాదాపు 12 శాతం ఒక్క దెబ్బకి చేతికొచ్చిందన్నమాట. మామూలు ధర చార్టు మాత్రం వచ్చిన ఆ 29 రూపాయలని లెక్కలోకి తీసుకోదు. ఒక షేరుని చిన్న షేర్లుగా విడగొట్టే స్ప్లిట్‌కీ, ఊరికే అదనపు షేర్లిచ్చే బోనస్‌కీ పాత ధరల్ని సరిచేసి చూపిస్తారు కానీ, మామూలు డివిడెండ్లకి చాలా చార్టుల్లో ఆ సవరణ ఉండదు.

మొదట డివిడెండ్లు ఏరుకోండి

నెట్ బ్యాంకింగ్‌లో స్టేట్‌మెంట్ దింపుకుని DIV అని వెతకండి. చాలాసార్లు కంపెనీ పేరు ముక్కతో పాటు ఆ అక్షరాలు ఉంటాయి. తర్వాత ఆదాయపు పన్ను పోర్టల్‌లో మన పేరిట నమోదైన ఆదాయాల జాబితా AIS తెరిస్తే, కంపెనీలు ఇచ్చిన డివిడెండ్ల వివరాలు సంవత్సరం వారీగా ఉంటాయి. మూడోది, ఎన్‌ఎస్‌ఈ లేదా బీఎస్‌ఈ సైటులో ఆ కంపెనీ కార్పొరేట్ యాక్షన్స్ జాబితా. ఈ మూడూ పక్కపక్కన పెట్టుకుంటేనే తప్పిపోయినవి దొరుకుతాయి.

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. "400 శాతం డివిడెండ్" అని వార్త చూసి, షేరు ధరకి నాలుగు రెట్లు అనుకుంటారు. ఆ శాతం ముఖవిలువ మీద, అంటే షేరుకు కంపెనీ కాగితం మీద పెట్టిన అసలు విలువ మీద. బాబాయ్ షేరు ముఖవిలువ 2 రూపాయలు కాబట్టి 400 శాతమంటే 8 రూపాయలు. మధ్యలో బోనస్ లేదా స్ప్లిట్ జరిగి ఉంటే, ఆయా తేదీన మీ దగ్గర ఎన్ని షేర్లున్నాయో ఆ సంఖ్యతోనే గుణించాలి.

చేతికొచ్చిన దాని మీద రాబడి

ఎక్సెల్‌లో మొదటి గడి వదిలేసి రెండో గడి నుంచి, A నిలువు వరుసలో తేదీలు, B నిలువు వరుసలో మొత్తాలు రాయండి. కొన్నరోజు -20000. తర్వాత నాలుగేళ్లూ తలా 800. ఐదో ఏడు డివిడెండ్ 800, షేర్ల ఇవాళ్టి విలువ 20,000 కలిపి 20800. కింద, తేదీల్ని బట్టి ఏడాది రాబడి లెక్కగట్టే ఈ సూత్రం:

```
=XIRR(B2:B7,A2:A7)
```

దాదాపు 4 శాతం వస్తుంది. చార్టు సున్నా అన్న చోట ఏడాదికి 4 శాతం. గొప్ప రాబడేమీ కాదు, నిజమే. కానీ అమ్మాలా ఉంచాలా అని ఆలోచించాల్సింది ఈ 4ని పట్టుకుని, ఆ సున్నాని పట్టుకుని కాదు.

అదే డబ్బుతో మళ్లీ షేర్లు కొని ఉంటే

మన దగ్గర డివిడెండ్ బ్యాంకు ఖాతాలో పడుతుంది. డీమ్యాట్‌లో దానంతటదే షేర్లుగా మారదు. పడిన రోజే మీరే ఆర్డర్ పెట్టాలి, ముక్కలు కాకుండా పూర్తి షేర్లే కొనగలరు. కాబట్టి ప్రతి ఏడూ కొంత చిల్లర మిగులుతుంది, దాన్ని వచ్చే ఏడాదికి కలుపుకోవాలి.

బాబాయ్ షేరు మధ్యలో బాగా పడింది. మొదటి డివిడెండ్ నాటికి ధర 160. వచ్చిన 800కి 5 షేర్లు వచ్చేవి, మొత్తం 105. రెండో ఏడు ధర 150. ఈసారి డివిడెండ్ 105 షేర్ల మీద, అంటే 840. దాంతో 5 షేర్లు కొని 90 మిగిల్చుకుంటే 110 అయ్యేవి. మూడో ఏడు ధర 180. 880కి పాత 90 కలిపితే 970. మరో 5 షేర్లు, చేతిలో 70. నాలుగో ఏడు ధర 200కి చేరింది, 4 షేర్లు. ఐదో ఏడూ 200కే 5 షేర్లు. చివరికి 124 షేర్లు, 142 రూపాయల చిల్లర. విలువ 24,942.

డివిడెండ్లు ఊరికే దాచుకుని ఉంటే 24,000 ఉండేది. మళ్లీ కొన్నందుకు 942 ఎక్కువ, ఏడాదికి సుమారు 4.5 శాతం. తేడా అంతా ఎక్కడిదంటే, 160కీ 150కీ కొన్న ఆ పది షేర్ల దగ్గరే ఎక్కువ ఉంది. అవి తక్కువ ధరకి వచ్చాయి, పైగా తర్వాతి ఏళ్లలో అవి కూడా డివిడెండ్ తెచ్చాయి. ధర పడి మనకి టెన్షన్ పెరిగిన ఏళ్లలోనే మళ్లీ కొనడం బాగా పనిచేసింది. ఆ ఏళ్లలో ధర 250 ఉండి, చివరికి 200కి దిగి ఉంటే మాత్రం డబ్బు దాచుకున్నవాళ్లే మేలనిపించేది.

పన్ను కూడా చూసుకోవాలి. 2020 ఏప్రిల్ నుంచి డివిడెండ్ మన ఆదాయంలో కలుస్తోంది. 20 శాతం స్లాబులో ఉన్నవాళ్లకి, సెస్సు పక్కన పెడితే, 8 రూపాయల్లో మిగిలేది 6 రూపాయల 40 పైసలే. బ్రోకరేజీ అదనం. నిజంగా చేతికొచ్చింది తెలియాలంటే ఈ రెండూ తీసేసి లెక్క వేయండి.

దేనితో పోల్చాలి?

డివిడెండ్లు కలిపిన మీ లెక్కని మామూలు నిఫ్టీతో పోల్చకండి. మామూలు నిఫ్టీలో డివిడెండ్లు లేవు. ఎన్‌ఎస్‌ఈ ఇండెక్సుల సైటులో NIFTY 50 TRI అని వేరే సూచీ ఉంది, అందులో డివిడెండ్లు మళ్లీ పెట్టుబడిగా పెట్టినట్టు లెక్క కడతారు. మ్యూచువల్ ఫండ్లు తమ రాబడిని ఈ టీఆర్‌ఐతోనే పోల్చి చూపాలని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2018 ఫిబ్రవరి నుంచి నియమం పెట్టింది. డివిడెండ్లు పంచకుండా ఫండులోనే ఉంచే గ్రోత్ ఆప్షన్ ఎన్‌ఏవీలో, అంటే యూనిట్ విలువలో, డివిడెండ్లు అప్పటికే కలిసి ఉంటాయి. దాన్ని ఉత్త నిఫ్టీ పక్కన పెడితే ఫండు ఉన్నదానికంటే బాగా కనిపిస్తుంది.

బాబాయ్ లెక్కలో ఇంకో సంగతి బయటపడింది. ఎక్స్ఛేంజి జాబితాలో ఐదు డివిడెండ్లున్నాయి, బ్యాంకు స్టేట్‌మెంట్‌లో నాలుగే దొరికాయి. 2023ది లేదు. ఆ ఏడాది పాత ఖాతా మూసేసి కొత్తది తెరిచాడు, డీమ్యాట్‌లో మాత్రం పాత నంబరే ఉంది. ముందు డీమ్యాట్ ఖాతా నడిపే సంస్థ డీపీ దగ్గర కొత్త ఖాతా నమోదు చేయించాం. తర్వాత కంపెనీ వార్షిక నివేదికలో, షేర్ల, డివిడెండ్ల లెక్కలు చూసే రిజిస్ట్రార్ ఈమెయిల్ చూసి, డీమ్యాట్ నంబరు, క్యాన్సిల్డ్ చెక్కు జతచేసి రాశాం. ఏడేళ్లు దాటితే ఆ డబ్బు, ఎవరూ తీసుకోని డివిడెండ్లు చేరే ప్రభుత్వ నిధి ఐఈపీఎఫ్‌కి వెళ్తుంది, వరసగా ఏడేళ్లు తీసుకోకపోతే షేర్లు కూడా వెళ్తాయి, అక్కడి నుంచి తెచ్చుకోవడానికి వేరే దరఖాస్తు పెట్టాలి. మనది రెండేళ్లే కాబట్టి ఆ అవసరం రాలేదు. మూడు వారాలకి 800 కొత్త ఖాతాలో పడ్డాయి. ఆ సాయంత్రమే బాబాయ్ ఫోన్ చేసి, "వీటితో నాలుగు షేర్లు కొనేశాను" అన్నాడు.