కరెంటు బిల్లు ఉన్నట్టుండి రెట్టింపైతే: తప్పు రీడింగ్‌దా, మీటర్‌దా?

కడపలో నెలకు సుమారు 150 యూనిట్లు వాడే ఒక ఇంటికి 280 యూనిట్ల బిల్లు వచ్చిందనుకుందాం. ఎండాకాలమైతే కూలర్ మీద అనుమానం పోవడం సహజమే గాని, ముందు చూడవలసింది అంతకు ముందు నెల బిల్లును.

ఆ నెలలో 20 యూనిట్లే నమోదై ఉంటే మీటర్ తప్పేమీ లేదు. తాళం వేసి ఉండటం వల్లనో, అంకె తప్పుగా కొట్టడం వల్లనో తగ్గిన యూనిట్లు ఈ నెలలో కలిసి వచ్చాయి. శ్లాబు విధానంలో ఇది ఊరికే పోదు. 2022 నుంచి అమలైన గృహ ధరల ప్రకారం 20, 280 యూనిట్లకు విడివిడిగా లెక్క కడితే రెండు నెలలకు రూ.1,536 అవుతుంది, నెలకు 150 చొప్పున పంచితే రూ.1,134 మాత్రమే. స్థిర, ఇతర ఛార్జీలను వదిలేసినా తేడా సుమారు రూ.400. కాబట్టి ఇక్కడ అడగవలసింది మీటర్ పరీక్ష కాదు, యూనిట్లను రెండు నెలలకు పంచి బిల్లును సవరించమని.

పాత బిల్లులు సక్రమంగా ఉండి, మీటర్‌లోని అంకె బిల్లుతో సరిపోతే, మీటర్ తర్వాత ఉన్న మెయిన్ స్విచ్ కట్టేసి, మీటర్ మీద మెరిసే పల్స్ దీపాన్ని చూడాలి. అప్పటికీ అది మెరుస్తూనే ఉంటే మీటర్‌లో లోపమైనా ఉండాలి, మధ్యలో ఎవరైనా తీగ తగిలించుకునైనా ఉండాలి. ఆగిపోతే మెయిన్ వేసి, లైట్లు, ఫ్యాన్లు ఆపేసి, ఫ్రిజ్, ఇన్వర్టర్‌తో సహా అన్ని ప్లగ్గులూ తీసి మళ్లీ చూడాలి. అప్పుడూ మెరిస్తే ఇంటి వైరింగ్‌లో లీకేజీ ఉన్నట్టు. ఇక మిగతావన్నీ ఆపేసి, వెయ్యి వాట్ల నీళ్లు కాచే రాడ్డును నీళ్లలో ఉంచి ఒక గంట నడిపితే దాదాపు ఒక యూనిట్ తిరగాలి. వోల్టేజీ తక్కువైతే కొంత తగ్గుతుంది, ఎక్కువైతే కొంత పెరుగుతుంది. ఒకటిన్నర తిరిగితే మాత్రం ఫిర్యాదు చేయదగిన విషయమే. ఇస్త్రీపెట్టె ఈ పనికి రాదు, అది వేడెక్కగానే తనంతట తానే ఆగుతుంది. ఏ దశలోనూ సీలు ముట్టుకోకూడదు.

దరఖాస్తును సెక్షన్ ఆఫీసులోని అసిస్టెంట్ ఇంజనీరుకు రాసి, సర్వీసు నంబరుతో పాటు గత పన్నెండు నెలల బిల్లులు, చెల్లింపు రసీదులు, మీటర్ క్రమసంఖ్య, రీడింగ్ రెండూ ఒకే చట్రంలో కనిపించే ఫోటో, రాడ్డు పరీక్షకు ముందూ తర్వాతా తీసిన ఫోటోలు జతచేయాలి. అపార్టుమెంట్లలో ఆ క్రమసంఖ్య బిల్లులోని దానితో సరిపోలకపోతే, పక్కింటి మీటర్ మనకు అంటగట్టి ఉండవచ్చు. దరఖాస్తు అందినట్టు తేదీ, సంతకం ఉన్న రసీదు తప్పక తీసుకోవాలి, ఎందుకంటే గడువులు అక్కడి నుంచే మొదలవుతాయి. 2020 నాటి విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనల ప్రకారం ముప్ఫై రోజుల్లో పరీక్ష జరగాలి. వాడకానికి రీడింగ్ పొంతన లేదన్న ఫిర్యాదుపై, 2024 సవరణ ప్రకారం, ఐదు రోజుల్లో అదనపు మీటరు పెట్టి కనీసం మూడు నెలలు పోల్చి చూడాలి.

ఈలోగా కనెక్షన్ తొలగిస్తారన్న భయం ఉంటే, విద్యుత్ చట్టం 2003లోని 56వ సెక్షన్ కింద, అడిగిన మొత్తాన్నో, గత ఆరు నెలల సగటు ఛార్జీనో, ఏది తక్కువైతే దాన్ని, ‘అభ్యంతరంతో చెల్లిస్తున్నాను’ అని రాసి కట్టవచ్చు. గడువు దాటినా ఫలితం రాకపోతే అదే రసీదుతో వినియోగదారుల సమస్యల పరిష్కార వేదికకు, ఆ తీర్పు నచ్చకపోతే విద్యుత్ అంబుడ్స్‌మన్‌కు వెళ్లాలి.