ఆఫ్‌సైట్ ప్లానింగ్ నేర్చుకుందాం – 3వ పాఠం: పిలిచేది ఒక్క రోజుకే, రాయాల్సినవి రెండు ఉత్తరాలు

కిందటి పాఠంలో ఒక్క వాక్యం రాయమన్నాను: ఆఫీసు వదిలి టీమంతా ఒకచోట కూర్చునే ఆ ఆఫ్‌సైట్ రోజు ముగిసేసరికి మన చేతిలో ఏముండాలి? అది రాయనివాళ్లు ముందు అది పూర్తి చేసి రండి. ఈ పాఠంలోని రెండు ఉత్తరాలూ, ఆ రోజు చర్చ నడిపించే ఫెసిలిటేటర్‌కు ఒకటి, టీమ్‌కు ఒకటి, దాని మీదే నిలబడతాయి.

మన ఉదాహరణ ఇంకా పీణ్యా పారిశ్రామికవాడలోని ఆ కంపెనీయే. హిందూపురం నుంచి బెంగళూరు వచ్చి స్థిరపడిన ఎం.డి., ఆయన కింద ఆరుగురు విభాగాధిపతులు, అందరూ తెలుగు మాట్లాడేవాళ్లే. కార్ల కంపెనీలకు విడిభాగాలు చేస్తారు. అమ్మకాల్లో అరవై శాతం ఒక్క కస్టమర్ నుంచే వస్తుంది. వాళ్లు రాసుకున్న వాక్యం ఇది: "సాయంత్రం 5 గంటలకల్లా, వచ్చే ఏడాది ఉన్న 2 కోట్లు ఆ పెద్ద కస్టమర్ కోసం రెండు కొత్త సీఎన్‌సీ మెషీన్ల మీద పెడతామా, కొత్త కస్టమర్లను తెచ్చుకునే ఏర్పాట్ల మీద పెడతామా అన్నది తేలిపోవాలి, అందుకోసం ఏ పనులు ఆపుతామో కూడా రాసుకుని ఉండాలి."

తేదీ ఫిబ్రవరి 12, గురువారం. ఇది ఊరికే ఎంచుకున్నది కాదు. నెల మొదట్లో లెక్కలు ముగించే పని, 11న జీఎస్‌టీఆర్-1, 20న జీఎస్‌టీఆర్-3బి రిటర్నుల గడువులు, నెలాఖరు వారమంతా డిస్పాచ్ హడావిడి. ఫైనాన్స్, ప్రొడక్షన్ వాళ్లిద్దరికీ ఒకేసారి ఊపిరాడేది 12 నుంచి 18 లోపే.

రెండు ఉత్తరాలు ఎందుకు?

నేను మొదటిసారి ఇలాంటి రోజు ఏర్పాటు చేసినప్పుడు అందరికీ ఒకే మెయిల్ పంపాను. తేదీ, హోటల్ పేరు, చివర "ఓపెన్ మైండ్‌తో రండి" అన్న మాట. ఫెసిలిటేటర్‌కీ అదే వెళ్లింది. ఆ రోజు ఆయన పాపం ఉదయం పదిన్నరకు "అసలు మనం ఇక్కడికి ఎందుకు వచ్చాం?" అని ఒక్కొక్కరినీ అడగడంతో మొదలుపెట్టారు. ఆయనకు వేరే దారి లేదు, నేనేమీ చెప్పలేదు కదా. ఆ ప్రశ్నకే భోజనాల వేళయింది. కొనుగోళ్లు చూసే మేడమ్ రాత్రంతా కూర్చుని 32 స్లైడ్లు చేసుకొచ్చారు. వాటిని తెరిచే అవకాశమే రాలేదు. ఆవిడ లాప్‌టాప్ మూసి సంచిలో పెట్టుకున్న తీరు నాకింకా గుర్తుంది. ఆ తర్వాత ఏడాది ఆవిడ ఏమీ తయారు చేసుకోలేదు. తప్పు నాదే.

ఫెసిలిటేటర్‌కు కావలసింది లోపలి సంగతి: ఎవరు నిర్ణయిస్తారు, ఏది చర్చకు రాదు, ఎక్కడ నొప్పి ఉంది. టీమ్‌కు కావలసింది పని: ఏం చదవాలి, ఏం రాయాలి, ఎప్పటికి, ఎవరికి. ఒకరికి రాసింది ఇంకొకరికి పనికిరాదు.

మొదటి ఉత్తరం: ఫెసిలిటేటర్‌కు, అయిదారు వారాల ముందు

ఎం.డి. పేరు మీదే వెళ్లాలి. హెచ్ఆర్ నుంచి వెళితే ఫెసిలిటేటర్ ఆ రోజంతా హెచ్ఆర్ తరఫు మనిషిగానే కనిపిస్తారు. నమూనా చూడండి.

> నమస్కారమండీ. ఫిబ్రవరి 12, గురువారం మా ఏడుగురం నెలమంగల దాటాక ఒక రిసార్ట్‌లో ఉదయం 10 నుంచి సాయంత్రం 5 వరకు కూర్చుంటున్నాం. ఆ రోజు నడిపించడానికి మిమ్మల్ని పిలుస్తున్నాను.
>
> సాయంత్రానికి తేలాల్సింది ఒక్కటే: 2 కోట్లు పెద్ద కస్టమర్ మెషీన్లకా, కొత్త కస్టమర్ల కోసమా. నేనింకా ఏ నిర్ణయానికీ రాలేదు. అందరం ఒక మాట మీదకు వస్తే సరే. నాలుగున్నరకూ రాకపోతే అందరి మాటా విన్నవాడిగా నిర్ణయం నేను తీసుకుంటాను. ఈ సంగతి టీమ్‌కు కూడా రాస్తున్నాను. మనుషులను తగ్గించడం, బయటి అప్పు తేవడం చర్చలో లేవు.
>
> మీ నుంచి కోరేవి మూడు. జనవరి 20 లోపు నాతో ఒక గంట. ఆ తర్వాత మా ఆరుగురితో విడివిడిగా ఇరవై నిమిషాలు ఫోన్‌లో, నేను లేకుండా. వాళ్లు చెప్పిన విషయాలు నాకు చెప్పండి, ఎవరు చెప్పారో వద్దు. ఫిబ్రవరి 5కల్లా వాళ్లు రాసిన పేజీలు మీకే నేరుగా వస్తాయి. అవి చదివి 10వ తేదీకి రోజు కార్యక్రమం పంపండి.
>
> ఈ ముందు పనితో కలిపి ఫీజు రెండు రోజులకు లెక్కేయండి. జీఎస్‌టీ విడిగా వేయండి, టీడీఎస్ పట్టుకుని మిగతాది పది రోజుల్లో జమ చేస్తాం. ఈ ప్రశ్నకు ఒక్క రోజు చాలదని మీకనిపిస్తే ఇప్పుడే చెప్పండి.

ఇందులో రెండు చోట్ల ఆగి చూడాలి.

మొదటిది, "నేనింకా ఏ నిర్ణయానికీ రాలేదు" అన్న మాట. ఇది నిజమైతేనే రాయండి. ఎం.డి. మనసులో మెషీన్లు ఇప్పటికే ఖాయమైపోయి, టీమ్ చేత ఊ కొట్టించడానికే ఈ రోజు పెడుతుంటే, అది పదకొండు గంటలకల్లా అందరికీ తెలిసిపోతుంది. ఆ తర్వాత ఎవరూ నోరు విప్పరు. అలాంటప్పుడు వాక్యమే మార్చండి: "మెషీన్లు కొంటున్నాం, వాటిని ఎలా నిలబెట్టాలి?" అది కూడా ఒక రోజు పెట్టదగిన ప్రశ్నే.

రెండోది, ఉత్తరంలో లేని విషయం. దీపావళి ముందు డెలివరీ తేదీల మీద సేల్స్ హెడ్‌కూ ప్రొడక్షన్ హెడ్‌కూ పెద్ద గొడవైంది, ఇద్దరికీ ఇంకా సరిగా మాటల్లేవు. ఇది ఫెసిలిటేటర్‌కు తెలిసి తీరాలి. కానీ రాతలో పెట్టకూడదు. మెయిల్ ఎప్పుడో ఒకప్పుడు ఎవరికో ఫార్వర్డ్ అవుతుంది. ఆ గంట మాటల్లో చెప్పండి.

ఫీజు రెండు రోజులకు ఎందుకంటారా? ఎం.డి.తో గంట, ఆరుగురితో ఇరవై నిమిషాల చొప్పున రెండు గంటలు, ఏడు పేజీలు చదవడం, కార్యక్రమం రాయడం. కలిపితే ఇంకో రోజు పని. ఒక్క రోజుకే డబ్బిస్తామంటే మొదట కోసుకుపోయేవి ఆ ఫోన్లే. నన్నడిగితే ఆ రోజుకు ప్రాణం ఆ ఫోన్లే.

రెండో ఉత్తరం: టీమ్‌కు

తేదీని మాత్రం నాలుగు వారాల ముందే అందరి క్యాలెండర్లో పెట్టండి. అసలు ఉత్తరం రెండు వారాల ముందు వెళ్తే చాలు. ఇంకా ముందు పంపితే మరిచిపోతారు, ఆలస్యమైతే టెన్షన్ పడి గబగబా ఏదో రాసేస్తారు.

ఇక్కడ కాస్త లెక్క చూద్దాం. 10 నుంచి 5 అంటే ఏడు గంటలు. భోజనానికి గంట, రెండు టీలకు అరగంట తీసేస్తే మిగిలేది అయిదున్నర. ఏడుగురూ తలా 25 నిమిషాలు స్లైడ్లు చూపిస్తే దాదాపు మూడు గంటలు అందులోనే పోతాయి. అందుకే స్లైడ్లు వద్దని ఉత్తరంలోనే రాసేయాలి. తలా ఒక పేజీ, ముందే చదువుకుని రావాలి.

ఆ పేజీలో ఏం అడుగుతామన్నది అన్నిటికన్నా కష్టమైన భాగం. "వచ్చే ఏడాది మీ విభాగం లక్ష్యాలేంటి?" అని అడిగారనుకోండి, ప్రతి ఒక్కరూ ఇంకో ఇద్దరు మనుషులు, ఇంకొంచెం బడ్జెట్ అడుగుతారు. అందులోంచి నిర్ణయం పుట్టదు. మన కంపెనీ అడిగిన ప్రశ్నలతో ఉత్తరం ఇలా సాగింది:

> అందరికీ నమస్కారం. 12న తేలాల్సింది డబ్బు ఖర్చుకు సంబంధించిన ఒక్క ప్రశ్న: 2 కోట్లు ఎటు? అందరం ఒప్పుకుంటే మంచిది, నాలుగున్నరకూ కుదరకపోతే నేను నిర్ణయిస్తాను. మీ వంతు పని గంటన్నరకు మించకూడదు. స్లైడ్లు వద్దు. ఈ మూడింటికి ఒక పేజీలో జవాబు రాసి, ఫిబ్రవరి 5 సాయంత్రానికి ఫెసిలిటేటర్ గారికి నేరుగా పంపండి. నాకు వద్దు.
>
> 1. పోయిన 12 నెలల్లో పెద్ద కస్టమర్ వల్ల మీ విభాగానికి బాగా కలిసొచ్చింది ఒకటి, బాగా దెబ్బ తగిలింది ఒకటి. రెండూ తేదీతో.
> 2. 2 కోట్లు మీ చేతిలో పెడితే ఎటు పెడతారు? ఏం తెలిస్తే మీ మనసు మారుతుంది?
> 3. దానికోసం మీ విభాగంలో మీరు ఆపగలిగిన పని ఒకటి.
>
> 12న మీ బదులు ఫ్యాక్టరీలో నిర్ణయాలు తీసుకునేది ఎవరో కూడా రాయండి. ఆ మనిషికి 9నే చెప్పేయండి.
>
> ఫైనాన్స్: కస్టమర్‌వారీగా మూడేళ్ల అమ్మకాలు, పేమెంట్ రావడానికి పట్టిన రోజులు, ఒక్క షీట్‌లో, ఈ వారమే అందరికీ. ప్రొడక్షన్: ఒక్కో మెషీన్ నెలకు ఎన్ని గంటలు ఖాళీగా ఉంది. సేల్స్: మన దగ్గర కొనడం మానేసిన ఇద్దరితో మాట్లాడి రండి.
>
> వైట్‌ఫీల్డ్ వైపువాళ్లు రోడ్డు మీద రావద్దు. మెట్రో పర్పుల్ లైన్‌లో మెజెస్టిక్, అక్కడ మారి గ్రీన్ లైన్‌లో మాదావర. స్టేషన్ బయట 9:15కి వ్యాన్ ఉంటుంది.

జవాబులు నేరుగా ఫెసిలిటేటర్‌కు ఎందుకు? ఎం.డి.కి పంపమంటే ఆయనకు నచ్చే జవాబు రాస్తారు. రిప్లై ఆల్ పెట్టమంటే మొదట రాసినవాళ్ల జవాబే మిగతా అయిదుగురూ కాస్త అటూ ఇటూ మార్చి రాస్తారు. ఎం.డి. కూడా తన పేజీ రాయాలి, అందరితో పాటే పంపాలి. ఆరు పేజీలూ అందాకే ఫెసిలిటేటర్ ఏడూ కలిపి అందరికీ పంచుతారు.

"మీ బదులు ఎవరు" అన్న వాక్యం చిన్నదిగా కనిపిస్తుంది. అది లేకపోతే ఏమవుతుందో చూశాను. పన్నెండు గంటలకు ఒక లాట్ రిజెక్ట్ అయిందని ఫోన్ వస్తుంది, ప్రొడక్షన్ హెడ్ లేచి వరండాలోకి వెళ్తారు, నలభై నిమిషాలకు తిరిగొస్తారు. ఈలోపు ఆయన మెషీన్ల సంగతి ఆయన లేకుండానే మాట్లాడేసి ఉంటారు. సాయంత్రం ఆయన ఆ నిర్ణయాన్ని ఒప్పుకోరు.

సరిగ్గా అడిగామో లేదో ఎలా తెలుస్తుంది?

ఫిబ్రవరి 5 రాత్రికే తెలిసిపోతుంది. మన కంపెనీలో ఆ రోజుకు నాలుగు పేజీలొచ్చాయి. రాని ఇద్దరికీ ఫెసిలిటేటర్ విడివిడిగా ఫోన్ చేశారు. గ్రూపులో రిమైండర్ పెడితే రాసినవాళ్లకు చికాకు, రాయనివాళ్లకు సిగ్గు, పేజీ మాత్రం రాదు. ఒకరు ఊళ్లో లేరు, 6న పంపారు. క్వాలిటీ హెడ్ మాత్రం మూడో ప్రశ్న దగ్గర ఆగిపోయారు. "ఏదైనా ఆపుతానంటే మా మనిషినొకరిని తీసేస్తారేమోనండీ" అన్నారు. మనుషులను తగ్గించే మాట చర్చలో లేదని ఫెసిలిటేటర్‌కు రాశాం, టీమ్‌కు రాయడం మరిచిపోయాం. ఆ ఒక్క వాక్యం ఎం.డి. అదే రాత్రి అందరికీ పంపారు. మర్నాడు క్వాలిటీ హెడ్ పేజీ వచ్చింది. అంతకుముందే పంపినవాళ్లలో ఇద్దరు మూడో జవాబు మార్చి మళ్లీ పంపారు.

జవాబులన్నీ "క్వాలిటీ పెంచాలి, కమ్యూనికేషన్ మెరుగుపడాలి" అన్న తీరులోనే వస్తే తప్పు మనుషులది కాదు, ప్రశ్నది. మొదటి ప్రశ్నలో తేదీ అడిగింది ఇందుకే. తేదీ రాయాలంటే నిజంగా జరిగినదాన్నే గుర్తు చేసుకోవాలి.

ఈ వారం అభ్యాసం

మీ వాక్యంతో రెండు ఉత్తరాలూ రాయండి. టీమ్ ఉత్తరాన్ని కంపెనీతో సంబంధం లేని ఒకరి చేత చదివించి మూడు అడగండి: ఏం తేలాలి, నేనేం రాయాలి, ఎప్పటికి ఎవరికి పంపాలి. ఉత్తరం మళ్లీ చూడకుండా మూడూ చెప్పగలిగితే పంపేయవచ్చు. తర్వాత రెండు ఉత్తరాలూ పక్కపక్కన పెట్టుకుని, ఫెసిలిటేటర్‌కు చెప్పిన హద్దుల్లో టీమ్‌కు చెప్పనిది ఏదైనా ఉందేమో వెతకండి.

నాలుగో పాఠంలో ఆ ఏడు పేజీలనూ ముందు పెట్టుకుని అయిదున్నర గంటల కార్యక్రమం ఎలా అల్లాలో చూద్దాం.