గ్రీన్ రేటింగ్ రిపోర్టులో సస్టైనబిలిటీ అధ్యాయం ఎలా రాయాలి? డాబాతో మొదలుపెట్టండి

బిల్డింగుకు గ్రీన్ రేటింగ్ కోసం పంపే రిపోర్టులో ఈ అధ్యాయానికి విద్యుత్తు, నీళ్లు, సామగ్రి అని మూడు శీర్షికలు పెట్టుకుని, ఒక్కోదాన్ని ఒక్కొక్కరు రాయడం మామూలే. చిక్కంతా అక్కడే మొదలవుతుంది. నేను మొదట్లో తయారుచేసిన ఒక రిపోర్టులో సోలార్ వాళ్లు డాబా అంతా తమదన్నారు, తెల్ల పూత రాసినవాళ్లు కూడా అంతా తమదన్నారు. పరిశీలనకు పంపితే ఒకే ప్రశ్నతో తిరిగొచ్చింది: "ఈ బిల్డింగుకు డాబాలు ఎన్ని?"

అప్పటి నుంచి ముందు డాబా ప్లాను గీసి, ఆ తర్వాతే రాయడం మొదలుపెడుతున్నా. నల్గొండలో రెండంతస్తుల ఆఫీసు కడుతున్నారనుకుందాం. లోపల పనిచేసేది 100 మంది, డాబా 600 చదరపు మీటర్లు.

మొదటి పని: డాబాను పంచడం

మెట్ల గది, ఓవర్‌హెడ్ ట్యాంకు, ఏసీ బయటి యూనిట్లకు 60 చ.మీ. తీసేయండి. సోలార్‌కు, నడవడానికి, కడగడానికి వదిలే దారితో కలిపి 300 ఇవ్వండి. మిగిలిన 240కి ఎండను వెనక్కి కొట్టే తెల్ల పూత. ఈ మూడు అంకెలే అధ్యాయమంతా కనిపించాలి. వాన మాత్రం మొత్తం 600 మీదా పడుతుంది, ప్యానెళ్ల మీద పడ్డదీ కారి డాబా మీదికే వస్తుంది. కాబట్టి నీటి లెక్కకు మొత్తం తీసుకోవచ్చు.

తెల్ల పూత ఇష్టముంటే వేసేది, లేకుంటే మానేసేది కాదు. 2023లో వచ్చిన తెలంగాణ కూల్ రూఫ్ పాలసీ ప్రకారం ఇలాంటి ఆఫీసుకు ఎండను వెనక్కి కొట్టే డాబా తప్పనిసరి. పూత రకం, వేసే చోటు డ్రాయింగ్ నంబరుతో సహా రాయండి.

రెండో పని: నీళ్లు, నెల నెలా

ఇక్కడ తొందరపడొద్దు. ఆఫీసులో మనిషికి రోజుకు 45 లీటర్లు మామూలు లెక్క, అంటే రోజుకు 4,500. రెండు బటన్ల ఫ్లష్, తక్కువ ధార కుళాయిలు పెట్టి దాన్ని 3,000కు తెచ్చారనుకోండి. ఏడాదికి 280 పనిదినాలైతే 8.4 లక్షల లీటర్లు కావాలి.

వాన ఏడాదికి 700 మి.మీ. అనుకుంటే, 600 × 0.7 × 0.8 = 336 ఘనపు మీటర్లు, అంటే 3.36 లక్షల లీటర్లు. ఆ 0.8 ఆవిరికీ, కారిపోయినదానికీ వదిలేది. భాగిస్తే 40 శాతం. ఈ 40ని అలాగే రాసేస్తే తప్పు. ఎండాకాలంలో సంపు ఎండిపోతుంది, వానాకాలంలో పొంగిపోతుంది. అందుకే నెలవారీ పట్టిక వేయాలి.

150 మి.మీ. పడిన నెలను తీసుకోండి. వచ్చేది 72,000 లీటర్లు. 24 పనిదినాలకు ఖర్చూ సరిగ్గా 72,000. ఆ వాన మూడు విడతల్లో పడితే విడతకు 24,000 వస్తుంది కాబట్టి 25,000 లీటర్ల సంపు సరిపోతుంది, మధ్యలో నీళ్లు వాడుకుంటూ పోతే చాలు. ఒక్కపూటే 80 మి.మీ. కొడితే వచ్చేది 38,400. ఖాళీ సంపు నిండగా మిగిలిన 13,400 ఇంకుడు గుంతకు పోవాలి. అంతకంటే పెద్ద సంపు తవ్వితే ఏడాదిలో ఎక్కువ రోజులు ఖాళీగానే ఉంటుంది, కాంక్రీటు ఖర్చు మాత్రం పెరుగుతుంది.

వర్షాకాలం తొలివానలో డాబా మీది దుమ్మంతా వస్తుంది. మొదటి 2 మి.మీ., అంటే 1,200 లీటర్లను పక్కకు వదిలే ఏర్పాటు డ్రాయింగులో చూపించండి.

ఇక బోరు. ఈ జిల్లాలో ఫ్లోరైడ్ సంగతి చెప్పనక్కర్లేదు. తాగునీటిలో లీటరుకు 1 మి.గ్రా. దాకా మంచిది, వేరే దారి లేకుంటే 1.5 దాకా. ల్యాబ్ రిపోర్టు జతచేయండి. కొందరు "బోరు నీళ్లకు ఆర్వో పెడతాం, వదిలేసిన నీళ్లు మొక్కలకు" అని రాస్తారు. నీళ్లలో సగం వదిలేసే ఆర్వోలో, 3 మి.గ్రా. ఉన్న బోరు నీరు వదిలేటప్పటికి దాదాపు 6 అవుతుంది. మామూలు మురుగు శుద్ధి ప్లాంటు ఫ్లోరైడ్‌ను తీయదు కాబట్టి దాన్ని ఫ్లష్‌కు తిప్పినా చివరికి తోటకే చేరుతుంది. తాగడానికి కుళాయి నీళ్లు తీసుకుని, బోరును వాడుకకే ఉంచడం తేలిక. ఆర్వో తప్పదంటే అది వదిలే నీళ్లకు నీటి పట్టికలో ఒక గడి కేటాయించండి.

మూడో పని: విద్యుత్తు, ముందు తగ్గించి తర్వాత ఉత్పత్తి

300 చ.మీ.లో, కిలోవాట్‌కు పదేసి చొప్పున, 30 కిలోవాట్లు పడతాయి. కిలోవాట్‌కు ఏడాదికి 1,400 యూనిట్లు అనుకుంటే 42,000. బిల్డింగు ఏడాదికి వాడేది 72,000 యూనిట్లని లోడ్ లెక్కలో తేలితే అది 58 శాతం. ముందు ఖర్చును తగ్గించాలి. రెండంతస్తులే కాబట్టి పై అంతస్తుకు వేడి ఎక్కువగా దిగేది స్లాబు నుంచి, పడమటి గోడ నుంచి. పడమట సాయంత్రం ఎండ దాదాపు అడ్డంగా వస్తుంది, అక్కడ సజ్జా పెద్దగా పనిచేయదు. కిటికీలు తగ్గించండి, నిలువు పలకలు పెట్టండి.

సామగ్రి

ఇది చిన్నదే. ఫ్లైయాష్ ఇటుక, బూడిద కలిసిన పీపీసీ సిమెంటు (బూడిద 15 నుంచి 35 శాతం), స్థానిక గ్రానైట్. రాయి క్వారీ దగ్గర్లోనే ఉన్నా, కోసి పాలిష్ చేసేది దూరంలో అయితే పోయి వచ్చే దారి కూడా కలుస్తుంది. "స్థానికం" అని రాసే ముందు బిల్లు మీది చిరునామా చూడండి. పూత విషయంలోనూ ఒక మెలిక ఉంది. ఆ డాబా నీళ్లే సంపులోకి వస్తాయి కాబట్టి, వాన నీళ్లు పట్టే చోట వాడొచ్చని తయారీదారు ఇచ్చిన కాగితం జత చేయాలి. అది లేకుంటే సామగ్రి విభాగం రాసిన మాటను నీటి విభాగం ఒప్పుకోదు.