ఇంటి ఆడియో పాఠాలు – 5: కన్సోల్ కలపగానే ఆంప్లిఫయర్ ఎందుకు గుయ్‌మంటుంది?

గత పాఠంలో ఆర్‌సీఏ వైరు ఒకటి ఒలిచి చూశాం. మధ్యలో సన్నటి సిగ్నల్ తీగ, దాని చుట్టూ అల్లిన షీల్డ్. బయటి గోలను ఆపడం ఒక్కటే షీల్డ్ పని కాదని, సిగ్నల్ తిరిగి వెళ్లే దారి కూడా అదేనని అప్పుడు చెప్పుకున్నాం. ఈ పాఠమంతా ఆ రెండో పని మీదే నడుస్తుంది.

ఒక పాత గేమ్ కన్సోల్‌ని తీసుకుందాం, మూడు రంగుల ఏవీ కేబుల్ ఉండే రకం. పసుపు ప్లగ్ టీవీకి వెళ్లింది. టీవీ స్పీకర్లు నచ్చక ఎరుపు, తెలుపు ప్లగ్‌లను ఆంప్లిఫయర్‌కి పెట్టాం. టీవీకి వెనక నుంచి కేబుల్ టీవీ వైరు కూడా వస్తోంది. ఆంప్లిఫయర్‌కి మూడు పిన్నుల ప్లగ్. గేమ్ బాగానే ఆడుతోంది, కానీ మెనూలో నిశ్శబ్దంగా ఉన్నప్పుడు స్పీకర్లలో సన్నగా, బరువుగా ఒక హమ్. వాల్యూమ్ పెంచితే అదీ పెరుగుతుంది. ఈ చివరి మాట గుర్తుంచుకోండి. వాల్యూమ్‌తో పాటు పెరగని హమ్ అయితే జబ్బు ఆంప్లిఫయర్ లోపలే ఎక్కడో ఉంది, ఈ పాఠం దానికి పనికిరాదు.

ఇప్పుడు ఒక్కొక్కటిగా విప్పుదాం. ముందు వాల్యూమ్ పూర్తిగా తగ్గించండి. ఆర్‌సీఏ ప్లగ్ లాగేటప్పుడు బయటి రింగు ముందు ఊడి, మధ్య పిన్ను ఇంకా తగిలే ఉంటుంది. ఆ క్షణంలో స్పీకర్లు బర్రుమని అరుస్తాయి.

ఎరుపు, తెలుపు తీసేసి వాల్యూమ్ పెంచితే నిశ్శబ్దం. అవి పెట్టి, పసుపు ప్లగ్ తీసేస్తే మళ్లీ నిశ్శబ్దం. పసుపు పెట్టగానే హమ్ వచ్చేసింది. సరే, టీవీదే తప్పు అనుకుని టీవీ పవర్ ప్లగ్ గోడ నుంచి పీకేశాం. అయినా హమ్ పోలేదు! చాలామంది తికమకపడేది ఇక్కడే. చివరికి టీవీ వెనక కేబుల్ వైరు విప్పగానే హమ్ టక్కున ఆగిపోయింది.

కారణం ఇది. కన్సోల్ లోపల పసుపు, ఎరుపు, తెలుపు మూడింటి షీల్డ్‌లూ ఒకే చోట కలిసి ఉంటాయి. కేబుల్ వైరు షీల్డ్ బయట ఎక్కడో ఎర్త్ అయింది. ఆంప్లిఫయర్ మూడో పిన్ను ద్వారా ఇంట్లో ఎర్త్ అయింది. ఈ రెండు ఎర్త్‌ల మధ్య వోల్టేజీ సరిగ్గా సమానంగా ఉండదు. అందుకని కేబుల్ షీల్డ్, టీవీ, పసుపు షీల్డ్, కన్సోల్, ఎరుపు-తెలుపు షీల్డ్‌లు, ఆంప్లిఫయర్, ఇంటి ఎర్త్ – ఇలా ఒక చుట్టు ఏర్పడి అందులో కరెంటు తిరుగుతుంది. గ్రౌండ్ లూప్ అంటే ఇదే. దీనికి టీవీ ఆన్‌లో ఉండక్కర్లేదు, దాని లోహపు భాగం దారిగా ఉంటే చాలు. కరెంటు సరఫరా 50 హెర్ట్జ్ అయితే హమ్ కూడా 50, దాని గుణిజాలు 100, 150 హెర్ట్జ్‌లలో ఉంటుంది. 60 హెర్ట్జ్ ఉన్న దేశాల్లో ఆ లెక్కన.

ఎంత చిన్న కరెంటుకి వినిపిస్తుందో ఒక ఉదాహరణతో చూద్దాం. చుట్టులో 10 మిల్లీఆంపియర్లు తిరుగుతున్నాయనీ, ఎరుపు వైరు షీల్డ్, ప్లగ్‌ల తాకిడి కలిపి నిరోధం 0.2 ఓమ్‌లనీ అనుకోండి.

```
V = I × R = 0.010 × 0.2 = 0.002 V
```

అంటే 2 మిల్లీవోల్టులు. లైన్ సిగ్నల్ సుమారు 300 మిల్లీవోల్టులు కాబట్టి పేలుళ్ల మధ్య ఇది వినిపించదు. కానీ మెనూలో సిగ్నలే దాదాపు సున్నా, అప్పుడు ఈ 2 మిల్లీవోల్టులే రాజు. ప్లగ్ చిలుము పట్టి నిరోధం పెరిగితే హమ్ కూడా పెరుగుతుంది. ప్లగ్‌ని అటూ ఇటూ తిప్పితే హమ్ మారుతోందంటే అక్కడ ముందు శుభ్రం చేయండి. తగ్గుతుంది, పూర్తిగా పోదు.

ఆంప్లిఫయర్ మూడో పిన్ను తీసేస్తే హమ్ పోతుందని ఎవరో ఒకరు చెబుతారు. నిజమే, పోతుంది. కానీ లోపల ఎప్పుడైనా ఫేజ్ వైరు బాడీకి తగిలితే ఆంప్లిఫయర్ పెట్టె మొత్తానికి, ఆర్‌సీఏ షీల్డ్‌ల ద్వారా కన్సోల్‌కి కూడా షాక్ వస్తుంది. ఆ పని వద్దు.

చుట్టుని తెంపాలి, సిగ్నల్‌ని మాత్రం పోనివ్వాలి. ఆడియో ఐసొలేటర్ చేసేది అదే. ఆ చిన్న డబ్బాలో చానల్‌కి ఒకటి చొప్పున రెండు ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటాయి. ఇటు వైపు తీగ చుట్టలోని సిగ్నల్ అయస్కాంత క్షేత్రంగా మారి అటు చుట్టలో మళ్లీ సిగ్నల్ అవుతుంది. రెండు వైపుల షీల్డ్‌లకీ మధ్య తీగ కనెక్షనే ఉండదు.

కొన్న డబ్బా నిజంగా ఆ పని చేస్తోందా? దేనికీ కలపకుండా మల్టీమీటర్ కంటిన్యుటీలో పెట్టండి. ఇన్‌పుట్ ప్లగ్ బయటి రింగు మీద ఒక ప్రోబ్, అవుట్‌పుట్ ప్లగ్ బయటి రింగు మీద ఇంకో ప్రోబ్. బీప్ రాకూడదు. వస్తే ఆ డబ్బా చుట్టుని తెంపడం లేదు. తర్వాత ఓమ్‌లలో పెట్టి ఇన్‌పుట్ మధ్య పిన్నుకీ దాని రింగుకీ మధ్య కొలవండి. చుట్ట ఉంది కాబట్టి పదులో వందలో ఓమ్‌లు కనిపించాలి.

ఐసొలేటర్‌కి ఒక బలహీనత ఉంది: లోతైన బాస్. ఒకే వోల్టేజీకి ఫ్రీక్వెన్సీ సగమైతే ట్రాన్స్‌ఫార్మర్ కోర్‌లో అయస్కాంత ఫ్లక్స్ రెట్టింపవుతుంది. చిన్న కోర్ 40 హెర్ట్జ్ దగ్గర తట్టుకున్నా 20 దగ్గర నిండిపోయి, ధ్వని చీలిపోతుంది. గేమ్‌లో పెద్ద పేలుడు దగ్గర మాత్రమే బర్రుమంటే అనుమానం దీని మీదే. కోర్ నింపేది లోపలికి వచ్చే వోల్టేజీ కాబట్టి, ముందు సోర్స్ వైపు వాల్యూమ్ తగ్గించి ఆంప్లిఫయర్ దగ్గర పెంచి చూడండి. అప్పటికీ చీలితే పెద్ద కోర్ ఉన్నది కొనడమే. డబ్బా అరచేతిలో మరీ తేలిగ్గా అనిపిస్తే నాకైతే నమ్మకం కుదరదు.

ఐసొలేటర్‌ని ఆంప్లిఫయర్‌కి దగ్గరగా, పొట్టి వైరుతో పెట్టండి, కానీ ఆంప్లిఫయర్ మీద మాత్రం పెట్టకండి. ఆంప్లిఫయర్ పవర్ ట్రాన్స్‌ఫార్మర్ క్షేత్రం ఈ చిన్న ట్రాన్స్‌ఫార్మర్లలోకి చొరబడి కొత్త హమ్ తెస్తుంది. డబ్బాని చేతిలో పట్టుకుని మెల్లగా తిప్పితే హమ్ పెరుగుతూ తగ్గుతూ ఉంటే సంగతి అదే. ఒక అడుగు దూరం జరిపితే చాలు.

కన్సోల్‌కో టీవీకో ఆప్టికల్ అవుట్ ఉంటే ఇంకా మేలు. అందులో వెళ్లేది వెలుతురు, కాబట్టి గ్రౌండ్ లూప్ లేదు, బాస్ నష్టమూ లేదు. ఆ డిజిటల్ సిగ్నల్‌ని ఆంప్లిఫయర్‌కి పనికొచ్చే అనలాగ్ సిగ్నల్‌గా మార్చడానికి డీఏసీ అనే చిన్న డబ్బా కావాలి. నేను ఆ డీఏసీకి పవర్‌ని టీవీ యూఎస్‌బీ నుంచే ఇచ్చి, హమ్ ఎందుకు పోలేదా అని ఒక సాయంత్రమంతా తల పట్టుకు కూర్చున్నాను. యూఎస్‌బీ వైరులోని గ్రౌండ్ తీగ చుట్టుని మళ్లీ కలిపేసింది. విడి చార్జర్ పెట్టాక పోయింది.

అభ్యాసం: మీ సెట్‌లో ఉన్న ప్రతి షీల్డ్ వైరుకీ కాగితం మీద ఒక గీత గీయండి, ఎర్త్ తగిలే ప్రతి చోటా చుక్క పెట్టండి. రెండు చుక్కల మధ్య గీతలు తెగకుండా కలిస్తే, ఆ దారిలో ఐసొలేటర్ పెట్టగల చోట్లన్నీ గుర్తించండి. కేబుల్ వైరుకి కూడా ఐసొలేటర్లు దొరుకుతాయి. అయితే అటు వైపు శాటిలైట్ డిష్ ఉంటే అవి పనికిరావు, డిష్‌కి డీసీ పవర్ వెళ్లేది ఆ వైరులోనే.