సిగ్నల్ దగ్గర ఆగితే ఏసీ వేడిగాలి కొడుతోందా? గ్యాస్ నింపించే ముందు ఇవి చూడండి

మే నెలలో విజయవాడలో కారు ఏసీ గురించి వినిపించే ఫిర్యాదు దాదాపు ఒక్కటే. పొద్దున బాగానే ఉంటుంది, హైవే ఎక్కితే బాగానే ఉంటుంది, మధ్యాహ్నం బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర ఆగితే మాత్రం కూలింగ్ పోతుంది. చాలామంది నేరుగా వెళ్లి గ్యాస్ నింపించుకుంటారు. నాలుగు రోజులు ఫరవాలేదనిపిస్తుంది, ఆ తర్వాత మళ్లీ అదే కథ.

పోయిన వేసవిలో మా బావ నల్ల కారు విషయంలో ఇదే జరిగింది. ఒకే నెలలో రెండుసార్లు గ్యాస్ నింపించాడు, రెండోసారి తర్వాత కూలింగ్ ఇంకా తగ్గింది. ఆ కారును ఎలా పరీక్షించామో వరసగా చెబుతాను, మీ కారుకీ అదే వరస పనికొస్తుంది.

మొదట లక్షణం సరిగ్గా పట్టుకోవాలి

"చల్లగా లేదు" అంటే సరిపోదు. ఒక డిజిటల్ థర్మామీటర్, వంటింట్లో వాడే సన్న పుల్లలాంటిది, మధ్య వెంట్‌లో గుచ్చి మూడు సార్లు చూడాలి: రాత్రి నిలిపిన కారులో, మధ్యాహ్నం హైవే మీద, మధ్యాహ్నం ఆగిన కారులో. మూడుసార్లూ బ్లోయర్ ఒకే స్పీడులో, రీసర్క్యులేషన్ బటన్ నొక్కి ఉండాలి.

బావ కారులో రాత్రి 9 డిగ్రీలు, బయట 43 ఉన్న మధ్యాహ్నం ఎనభై స్పీడులో 11, అదే మధ్యాహ్నం ఆగి ఉన్నప్పుడు 21 వచ్చింది. రాత్రి అంత చల్లగా ఉందంటే కంప్రెసర్ పనిచేస్తోందన్నమాట. వేడి గాలికి, ఆగడం తోడైనప్పుడే ఇబ్బంది. అంటే లోపలి నుంచి లాగిన వేడిని బయటికి వదలడం కుదరడం లేదని అనుమానించాలి.

వేరే లక్షణాలుంటే దారి వేరు. గాలే తక్కువగా వస్తుంటే ముందు కేబిన్ ఫిల్టర్ తీసి చూడండి. చాలా కార్లలో అది గ్లవ్ బాక్స్ వెనక ఉంటుంది, దుమ్ము పట్టి గట్టిగా అయిపోతే మార్చడమే. గంట ప్రయాణం తర్వాత గాలి సన్నబడి, ఏసీ పది నిమిషాలు ఆపితే మళ్లీ మామూలైతే లోపల కాయిల్ మీద ఐసు కట్టిందని అర్థం. ఎంత వేగంగా వెళ్లినా, రాత్రయినా గోరువెచ్చగానే వస్తుంటే డ్యాష్‌బోర్డు లోపల హీటర్ వైపు ఉండే చిన్న తలుపు పూర్తిగా మూసుకోక వేడిగాలి కలుస్తుండవచ్చు, లేదా గ్యాస్ నిజంగానే కారిపోయి ఉండవచ్చు.

కారణం తేల్చే పరీక్ష: కాసిని నీళ్లు

కారు ముందు గ్రిల్ వెనక, రేడియేటర్‌కి ముందు ఉండే పల్చటి జాలీ లాంటిదే కండెన్సర్. కేబిన్ నుంచి లాగిన వేడినంతా ఏసీ గ్యాస్ అక్కడికి తెచ్చి వదులుతుంది. కారు పరుగెత్తుతుంటే ఎదురుగాలి దాన్ని చల్లబరుస్తుంది. ఆగినప్పుడు ఫ్యానే దిక్కు. పైగా తారు రోడ్డు నుంచి లేచే వేడి, ముందున్న బస్సు వదిలే వేడి కూడా ఆ జాలీకే తగులుతాయి.

మధ్యాహ్నం ఇంజను, ఏసీ నడుస్తుండగా గ్రిల్ గుండా కండెన్సర్ మీద పైపుతో సన్నగా నీళ్లు చల్లాలి. గట్టి ప్రెషర్ వద్దు, రెక్కలు వంగిపోతాయి. రెండు మూడు నిమిషాల్లో వెంట్ ఉష్ణోగ్రత బాగా పడిపోతే లోపం కండెన్సర్ చుట్టూనే ఉంది: ఫ్యాను, మురికి, లేదా ఎక్కువైన గ్యాస్. నీళ్లు చల్లినా పెద్దగా మార్పు లేకపోతే గ్యాస్ తక్కువ, కంప్రెసర్ అరుగుదల లాంటివి చూడాలి.

బావ కారులో 21 నుంచి 13కి పడింది. "బావా, నువ్వు నింపించిన గ్యాసే దీన్ని ముంచినట్టుంది," అన్నాను. నమ్మలేదు.

పరిష్కారం

ముందు ఫ్యాను. ఏసీ వేయగానే అది తిరగాలి, ఎండ ముదిరి ఏసీ మీద భారం పెరిగినప్పుడు స్పీడు పెరగాలి. కొన్ని కార్లలో తక్కువ స్పీడు ఒక్కటే పనిచేసి, ఎక్కువ స్పీడు పోయి ఉంటుంది. ఫ్యాను తిరుగుతూనే కనిపిస్తుంది కాబట్టి బాగానే ఉందనుకుని వదిలేస్తారు. బావ కారులో రెండు స్పీడులూ బాగానే ఉన్నాయి.

తర్వాత మురికి. కండెన్సర్ ముందు వైపు శుభ్రంగా కనిపించింది. కానీ పైన క్లిప్పులు తీసి చూస్తే కండెన్సర్‌కి, రేడియేటర్‌కి మధ్య ఇరుకు సందులో దుమ్ము, పురుగులు, గడ్డిపరకలు కలిసి దుప్పటిలా పట్టి ఉన్నాయి. బయట నుంచి వాటర్ సర్వీసింగ్ ఎన్నిసార్లు చేయించినా అది పోదు. ఆ సందులోకి తక్కువ ప్రెషర్ నీళ్లు పట్టి, లోపలి నుంచి బయటికి కడిగించాం.

చివరికి గ్యాస్. దీన్ని ప్రెషర్ గేజి చూసి అంచనాగా నింపకూడదు, తూకం వేసి నింపాలి. బానెట్ కింద అతికించిన లేబుల్ మీద ఎన్ని గ్రాములో రాసి ఉంటుంది, ఏ గ్యాసో కూడా రాసి ఉంటుంది. మిషన్‌తో ఉన్నదంతా బయటికి తీయిస్తే 580 గ్రాములు వచ్చింది, లేబుల్ మీద ఉన్నది 450. ఎక్కువైన గ్యాస్ ద్రవమై కండెన్సర్ అడుగు భాగాన్ని నింపేస్తుంది. దాంతో వేడి గ్యాస్ చల్లబడడానికి చోటు తగ్గుతుంది. ప్రెషర్ పెరుగుతుంది, కంప్రెసర్ ఈడ్చుకుంటూ తిరుగుతుంది, మరీ పెరిగితే స్విచ్ దాన్ని కట్ చేస్తుంది. పైపుల్లో మిగిలిన గాలి, తేమ పోయేలా అరగంట వ్యాక్యూమ్ పెట్టించి, సరిగ్గా 450 నింపించాం.

మర్నాడు మధ్యాహ్నం ఆగి ఉన్న కారులో వెంట్ దగ్గర 14 చూపించింది. 43 డిగ్రీల ఎండలో ఆగిన కారుకు అది మంచి అంకే. ఆ ఎండలో కూడా 7 రావాలని పట్టుబడితే అనవసరంగా భాగాలు మార్పించుకోవడమే అవుతుంది.

లక్షణం: వెంట్ చల్లగా ఉన్నా ముఖం, తొడలు మండుతున్నాయి

ఇక్కడ ఏసీ తప్పు లేదు, లోపలికి వస్తున్న వేడి ఎక్కువ. రంగు, అద్దం సంగతి ఇప్పుడు చెప్పాలి.

విజయవాడకు మే మొదటి వారంలో సూర్యుడు మధ్యాహ్నం సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. అప్పుడు ఎండ నేరుగా పడేది కప్పు మీద. నల్ల పెయింట్ దాదాపు అంతా పీల్చుకుంటుంది, తెలుపు, వెండి రంగులు సగానికి పైగా వెనక్కి పంపుతాయి. అమెరికాలోని లారెన్స్ బర్కిలీ ల్యాబ్ వాళ్లు ఒకే మోడల్ నల్ల కారును, వెండి రంగు కారును పక్కపక్కన ఎండలో పెట్టి కొలిచారు. నల్ల కప్పు 25 డిగ్రీల దాకా ఎక్కువ వేడెక్కింది, కానీ లోపలి గాలిలో తేడా 5, 6 డిగ్రీలే. కప్పుకీ మనకీ మధ్య లైనింగు అడ్డుంటుంది, మిగతా వేడి అద్దాల నుంచి వస్తుంది. కారు కదిలాక ఎదురుగాలికి కప్పు చల్లబడుతుంది కాబట్టి రంగు తేడా ఇంకా తగ్గుతుంది. ఇప్పటికే నల్ల కారు ఉంటే దాని కోసం బెంగ పడక్కర్లేదు. కొత్తది కొంటూ, రోజంతా ఎండలో పార్క్ చేయాల్సి వస్తే తెలుపు తీసుకోండి.

అద్దం అలా కాదు. ఎండలోని శక్తిలో దాదాపు సగం కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్. మామూలు అద్దం వెలుగుతో పాటు దాన్నీ లోపలికి వదులుతుంది. నల్ల డ్యాష్‌బోర్డు ఆ వేడి పీల్చుకుని మళ్లీ వదులుతుంది, కానీ ఆ తిరిగొచ్చే వేడిని అద్దం బయటికి పోనివ్వదు. అందుకే ఆపిన కారు పొయ్యిలా అవుతుంది. ముందు అద్దం వెడల్పుగా, వాలుగా ఉంటుంది కాబట్టి ఎక్కువ వేడి దాని నుంచే వస్తుంది.

చౌకైన పరిష్కారం మెరిసే సన్‌షేడ్. మెరిసే వైపు బయటికి ఉండేలా, అద్దానికి ఆనించి పెట్టాలి. డ్యాష్‌బోర్డు మీద పడకముందే ఎండను వెనక్కి పంపడం దాని పని. పక్కలకు జాలీ తెరలు పెట్టినా కొంత తగ్గుతుంది గానీ, అప్పటికే వేడి అద్దం దాటేసి ఉంటుంది.

సన్‌ఫిల్మ్ గురించి ఒక అపోహ గట్టిగా ఉంది: ఎంత నలుపైతే అంత చలువ అని. నల్ల ఫిల్మ్ వేడిని పీల్చుకుని అద్దాన్నే కాలుస్తుంది, అందులో కొంత లోపలికే వస్తుంది. షాపులో లైటు పెట్టి చేయి వేయమని చూపే పరీక్ష ఇన్‌ఫ్రారెడ్‌కి మాత్రమే సంబంధించినది. మొత్తం ఎండలో ఎంత ఆపుతుందో అడగండి, ఆ అంకె ఎప్పుడూ చిన్నదిగానే ఉంటుంది. చట్టం సంగతీ చూసుకోవాలి. ముందు, వెనక అద్దాల నుంచి కనీసం 70 శాతం, పక్క అద్దాల నుంచి 50 శాతం వెలుగు లోపలికి రావాలి. 2012లో సుప్రీంకోర్టు ఫిల్మ్ అతికించడాన్నే నిషేధించింది. తర్వాత నిబంధనలు మారాయి, ఈ పరిమితులకు లోబడిన ఫిల్మ్ వేయవచ్చని 2024లో కేరళ హైకోర్టు చెప్పింది. మన రోడ్ల మీద ఆ తీర్పు చూపించి బయటపడొచ్చని మాత్రం ధైర్యం చేయకండి.

ఆటోమేటిక్ ఏసీ ఉన్న కార్లలో ఇంకొకటి చూడాలి. చాలావాటిలో డ్యాష్‌బోర్డు మీద, ముందు అద్దం దగ్గర చిన్న నల్ల బుడిపె ఉంటుంది. ఎండ ఎంత పడుతోందో ఏసీకి చెప్పేది అదే. దాని మీద మ్యాట్ పరిచినా, దేవుడి బొమ్మ పెట్టినా ఏసీ నీడలో ఉన్నాననుకుని నెమ్మదిస్తుంది. బొమ్మను పక్కకు జరిపితే చాలు.

లక్షణం: ఎక్కిన పావుగంట దాకా చల్లబడదు

ఎండలో ఉన్న కారులో గాలి 60 డిగ్రీల దగ్గర ఉంటుంది, బయట 43. ఎక్కగానే అద్దాలు మూసి రీసర్క్యులేషన్ నొక్కితే ఏసీ ఆ 60 డిగ్రీల గాలినే చల్లార్చాల్సి వస్తుంది. అన్ని అద్దాలు దించి, బ్లోయర్ పూర్తిగా పెట్టి ఒకటి రెండు నిమిషాలు నడపండి. వేడిగాలి బయటికి పోయాక అద్దాలు ఎత్తి రీసర్క్యులేషన్ వేయండి. దూర ప్రయాణంలో మాత్రం అరగంటకోసారి కాసేపు బయటి గాలి రానివ్వాలి, లేకపోతే కునుకు ముంచుకొస్తుంది.

బావ ఇప్పుడు ఈ క్రమమే పాటిస్తున్నాడు, సన్‌షేడ్ కూడా కొన్నాడు. సాయంత్రం నాలుగింటికి స్కూలు నుంచి తిరిగొచ్చేటప్పుడు పడమటి ఎండ పక్క అద్దం నుంచి నేరుగా వెనక సీటు మీద పడుతోంది. అందుకని పాపను రెండో వైపు కూర్చోబెడుతున్నాడు.