ప్రపోజల్ నుంచి ప్యానెల్ ముందుకు, 3వ భాగం: రెండో ఏడాది జీతం ఎవరిస్తారు?

పర్లాకిమిడి దగ్గరి ఒక మహిళా గ్రూపు ప్రపోజల్‌నే ఈసారీ ఉదాహరణగా తీసుకుందాం. 85 కుటుంబాల చోళ్ళు, అంటే రాగులు, నూర్చే మిషను కోసం 3,40,000 రూపాయలు అడుగుతూ 14 పేజీలు రాశారు. డబ్బు ఇవ్వాలో వద్దో తేల్చే ప్యానెల్ ముందు మాట్లాడడానికి ఉన్నవి 7 నిమిషాలు.

అవసరానికి నిమిషంన్నర చాలు. ప్రపోజల్‌లో మూడు పేజీలు జిల్లా పేదరికానికే పోయాయి, అది ప్యానెల్‌కి తెలిసిందే. మీరు రోడ్డు దగ్గర మొదలుపెట్టండి. వెన్నులు తారురోడ్డు మీద పరుస్తారు, బళ్ళు తొక్కుతూ పోతాయి, గింజల్లో ఇసుక, రాళ్ళు కలుస్తాయి, షావుకారు అది చూపించి ధర తగ్గిస్తాడు. అన్నట్టు, ఒడియావాళ్ళ ముందు చోళ్ళు అనకండి, మాండియా అనండి. నేను ఒకసారి రెండు నిమిషాలు ధాటిగా మాట్లాడాక, "ఏ పంట గురించి చెప్తున్నారు?" అని అడిగారు.

2017లో మొదలైన ఒడిశా మిల్లెట్ మిషన్ అనే చిరుధాన్యాల సర్కారు పథకం తొలి జిల్లాల్లో పర్లాకిమిడి ఉన్న గజపతి కూడా ఉంది. కాబట్టి "సర్కారు నూర్పిడి మిషన్లు ఉన్నాయి కదా?" అనే ప్రశ్న తప్పదు. దగ్గరి మిషను ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉందో, బస్తా తీసుకెళ్ళడానికి ఎంత కిరాయి అవుతుందో కనుక్కుని వెళ్ళండి.

పద్ధతిని, బడ్జెట్‌ని విడదీయకుండా కలిపే చెప్పండి. మిషను, షెడ్డు: 2,00,000. నడిపే మనిషి జీతం, శిక్షణ: 1,12,000. ఊళ్ళ నుంచి బస్తాల చేరవేత: 28,000. ప్రతి పనికీ దాని ఖర్చు పక్కనే వినిపిస్తే విడిగా లెక్కల స్లయిడ్ అక్కర్లేదు.

ఫలితం దగ్గరే చిక్కు. ప్రపోజల్‌లో "రెండో ఏడాది నుంచి యూనిట్ తన కాళ్ళ మీద నిలబడుతుంది" అని రాశారు. చదివేటప్పుడు అది ఎవరికీ తట్టదు. నోటితో చెప్పగానే ఎవరో ఒకరు అడుగుతారు: "రెండో ఏడాది జీతం ఎవరిస్తారమ్మా?"

లెక్క వెయ్యండి. కుటుంబానికి 4 క్వింటాళ్ళ చొప్పున 340 క్వింటాళ్ళు. క్వింటాలుకి 150 కూలి తీసుకుంటే 51,000 వస్తుంది. జీతం నెలకి 6,000, అంటే ఏడాదికి 72,000. డీజిల్ పొయ్యకముందే 21,000 లోటు.

ఇలాంటప్పుడు టెన్షన్ పడి స్లయిడ్‌లో అంకెలు మార్చేవాళ్ళున్నారు. ఆ పని మాత్రం చెయ్యకండి. రాసిచ్చిన కాగితం ప్యానెల్ చేతిలోనే ఉంటుంది. అడగకముందే మీరే ఒప్పుకోండి: "మొదటి ఏడాది ఊరూరా తిరిగి రైతుల్ని చేర్చాలి, అందుకే 12 నెలల జీతం పెట్టాం. తర్వాత నూర్పిళ్ళ 5 నెలలకే ఇస్తాం, 30,000 అవుతుంది. కూలిలో మిగిలే 21,000తో డీజిల్, రిపేర్లు చూసుకుంటాం." ఆ 21,000 డీజిల్‌కి, రిపేర్లకి సరిపోతుందా అని ముందే మిషను మెకానిక్‌ని అడిగి, ఆయన చెప్పిన అంకె రాసుకుని వెళ్ళండి.

వచ్చే భాగానికి మీ ప్రపోజల్‌లో రెండో ఏడాది ఆదాయం, ఖర్చు పక్కపక్కన రాసి ఉంచండి. ప్యానెల్ ప్రశ్నలు అక్కడి నుంచే మొదలుపెడదాం.