స్టేజీ మీద కత్తియుద్ధం: రిహార్సల్‌కు ముందే తీసుకోవాల్సిన జాగ్రత్తలు

పరిషత్తు పోటీలు, తిరునాళ్ళు, కాలేజీ వార్షికోత్సవాలు దగ్గర పడుతున్నాయంటే చారిత్రక నాటకాలు వేసే బృందాలు ముందు కత్తుల కోసం వెతుకుతాయి. డ్రెస్సుల షాపులో అద్దెకు తెచ్చేవారు కొందరు, ఎవరింట్లోనో గోడకు తగిలించిన కత్తి అడిగి తెచ్చేవారు కొందరు. ఆ కత్తి చేత్తో పట్టుకుని నిలబడటానికి పనికొస్తుంది. ఎదుటి కత్తికి తగిలించే సీన్ ఉంటే మాత్రం దాన్ని రిహార్సల్ గదిలోకే రానివ్వకండి.

గోడకు తగిలించే కత్తులు ఎక్కువగా స్టెయిన్‌లెస్ స్టీలువి. తళతళలాడటానికి చేసినవి, దెబ్బ ఓర్చుకోవడానికి కాదు. పైగా పిడిలోపల అసలు కథ వేరే ఉంటుంది. బ్లేడు కింది భాగం పిడిలోకి సన్నని తోకలాగా దూరి ఉంటుంది కదా, చాలా అలంకారపు కత్తుల్లో అది సన్నని బోల్టు ముక్కే, బ్లేడుకు వెల్డింగ్ చేసి ఉంటుంది. నాలుగు దెబ్బలు పడ్డాక ఆ వెల్డింగ్ దగ్గరే విరుగుతుంది. పిడి నటుడి చేతిలో మిగిలిపోతుంది, రెండున్నర అడుగుల బ్లేడు మొదటి వరుసలో కూర్చున్నవాళ్ళ మీదికి ఎగురుతుంది. స్టేజీ పోరాటానికి చేసిన కత్తిలో బ్లేడు, తోక ఒకే ముక్క. ఆ తోక పిడి చివరిదాకా వచ్చి, అక్కడి గుండుకు నట్టుతోనో రివెట్టుతోనో బిగిసి ఉంటుంది. కొనేముందు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే.

ఇక పదును సంగతి. పదును తీసేది కోసుకోకుండా ఉండటానికే అని అందరూ అనుకుంటారు. అది సగమే. సానపట్టిన వాదర కాగితమంత పల్చన. రెండు పల్చని వాదరలు ఢీకొంటే రెండూ పెచ్చులూడతాయి, లేదా ఒకదానిలో ఒకటి దిగబడి ఇరుక్కుంటాయి. నటుడు లాగితే ఎటు వదులుతుందో ఎవరికీ తెలియదు. అందుకే స్టేజీ కత్తికి అంచును 2 నుంచి 3 మిల్లీమీటర్ల మందం ఉంచి, మూలలు గుండ్రంగా రాస్తారు. మొనను చిటికెన వేలి కొనంత గుండ్రంగా చేస్తారు. ఇలా చేస్తే దెబ్బ ఒక గీత మీద కాకుండా వెడల్పుగా పడుతుంది, కత్తులు తగిలి జారిపోతాయి. అయితే మొద్దు కత్తి కూడా దాదాపు కిలో బరువున్న ఇనుప కడ్డీయే అని మరిచిపోవద్దు. అది నెత్తిన పడితే ఎముక విరుగుతుంది, కంటికి తగిలితే కన్ను పోతుంది. మొద్దు చేసేది కత్తి దెబ్బలు తట్టుకోవడానికి. నటుడిని కాపాడేది దూరమూ, ఎవరు ముందు కదలాలన్న క్రమమూ.

స్టీలా, అల్యూమినియమా? డబ్బూ సరైన పనివాడూ దొరికితే నేను స్టీలే తీసుకోమంటాను. కమాను పట్టీ జాతి స్టీలును సరిగా కాచి, చల్లార్చి, మళ్ళీ తగుమాత్రం వేడిచేసి చేసిన బ్లేడు దెబ్బ తగిలితే కొద్దిగా వంగి వెంటనే తిన్నగా అవుతుంది. టంగుమని మోగుతుంది కూడా. మన ఊరి కమ్మరి లారీ కమాను పట్టీతో కత్తి చేసిస్తానంటే సంతోషమే కానీ, కొడవలికి పెట్టినంత గట్టిదనం దీనికి పెట్టొద్దని చెప్పండి. మరీ గట్టిపడ్డ స్టీలు వంగదు, పెటుక్కుమని విరుగుతుంది.

అల్యూమినియం బరువు స్టీలులో మూడో వంతు. చిన్నపిల్లలు వేసే నాటకానికి, పది నిమిషాలు ఆగకుండా సాగే యుద్ధానికి, నృత్య రూపకానికి అది హాయి. చెయ్యి అలిసిపోతే గురి తప్పుతుంది కాబట్టి తేలికదనం కూడా భద్రతే. దాని లోపాలు రెండు. స్టీలులాగా వంగి తిరిగి రాదు, ఒకసారి వంగితే వంకరగానే ఉండిపోతుంది. దాన్ని కాలితో తొక్కి సరిచేస్తూ పోతే ఆ వంపు దగ్గరే పగులు పుడుతుంది. రెండోది, మెత్తని లోహం కాబట్టి ప్రతి దెబ్బకూ గాటు పడి, గాటు అంచున రంపపు పళ్ళలాంటి ముళ్ళు లేస్తాయి. మొద్దు కత్తే, సాయంత్రానికి రంపం. ఒక సీన్‌లో అయితే అన్నీ స్టీలు, లేకపోతే అన్నీ అల్యూమినియం. కలిపితే స్టీలు అల్యూమినియాన్ని నమిలేస్తుంది.

అందుకే ప్రతి రిహార్సల్ అయ్యాక ఒకరు కూర్చుని ఈ పని చేయాలి. పాత నూలుగుడ్డను బ్లేడు పొడుగునా రెండు అంచుల మీదా మెల్లగా లాగండి. ఎక్కడ దారం పట్టుకుంటుందో అక్కడ ముల్లుంది. వేలితో తడమొద్దు. ఆకురాయితో ఆ ముల్లు రాసి, ఎమెరీ పేపరుతో నునుపు చేయండి. తర్వాత పిడి దగ్గర అర అడుగు మేర వెలుతురులో చూడండి. వెంట్రుకంత నల్లగీత అడ్డంగా కనిపిస్తే అది పగులు. ఆ కత్తిని ఆరోజే పక్కన పెట్టేయాలి, ఇంకో షోకి లాగుదాం అనుకోకూడదు. పిడిని చెవి దగ్గర ఆడించండి, లోపల గలగలమంటే నట్టు వదులైనట్టే.

విరిగిన మొద్దు కత్తి పదునైన కత్తికన్నా చెడ్డది. ఫెన్సింగ్‌లో వాడే ఫాయిల్‌కు వాదర ఉండదు, మొన మొద్దుగానే ఉంటుంది. 1982లో రోమ్‌లో జరిగిన ప్రపంచ పోటీల్లో ప్రత్యర్థి ఫాయిల్ విరిగి, ఆ విరిగిన ముక్క ముఖానికున్న జాలీని చీల్చుకుని సోవియట్ ఛాంపియన్ వ్లాదిమిర్ స్మిర్నోవ్ కంట్లోంచి లోపలికి దిగింది. కొన్ని రోజులకు ఆయన చనిపోయాడు. మన నటులకు ఆ జాలీ కూడా ఉండదు.

ఇప్పుడు పోరాటం కూర్పు. మాటల్లో చెబితే గాలిలో ఉంటుంది కాబట్టి ఒక చిన్న సీన్ తీసుకుందాం. 1757 బొబ్బిలి యుద్ధంలో తాండ్ర పాపారాయుడు విజయరామరాజు గుడారంలోకి చొరబడే ఘట్టం. స్టేజీ కోసం గుడారం బయట ఒక భటుడు అడ్డొచ్చాడని కల్పించుకుందాం. ఇద్దరూ కుడిచేతి వాటమే. పాపారాయుడిని ప్రేక్షకుల కుడివైపున, భటుణ్ణి ఎడమవైపున నిలబెట్టండి. ఎందుకలా అన్నది చివర్లో తెలుస్తుంది.

ముందు దూరం కొలవండి. భటుడు చెయ్యి పూర్తిగా చాచి, ఒక అడుగు ముందుకు వేసి, కత్తి తిన్నగా పెట్టాలి. ఆ మొనకూ పాపారాయుడి ఛాతీకీ మధ్య జానెడు ఖాళీ ఉండాలి. ఇద్దరూ చేతులు ముందుకు చాచి ఆడతారు కాబట్టి కత్తులు మాత్రం మధ్యలో కలుస్తాయి. అడ్డు పెట్టడం మరిచిపోయినా వేటు ఒంటిని చేరదు. ఆ అడుగుల చోట నేల మీద చాక్‌పీసుతో గుర్తు పెట్టుకోండి.

మొదటి కదలిక: భటుడు పాపారాయుడి ఎడమ భుజం వైపు వేటు వేస్తాడు. కానీ వెంటనే వేయడు. ముందు పాపారాయుడి కళ్ళలోకి చూస్తాడు, కత్తిని తన కుడి భుజం మీదికి ఎత్తి ఆగుతాడు. అది సంకేతం. పాపారాయుడు కత్తిని ఎడమవైపు అడ్డం తెస్తాడు. అడ్డు కుదిరిందని కంటితో చూశాకే భటుడు వేటు పూర్తి చేస్తాడు. సంకేతం, స్పందన, తర్వాతే దెబ్బ. ప్రేక్షకులకు ఇది తిరగబడి కనిపిస్తుంది, దెబ్బ వస్తే ఆపాడనుకుంటారు. దెబ్బను ఆపేది కూడా అడ్డు పెట్టినవాడు కాదు, కొట్టినవాడే. కత్తులు తాకే ముందే తన మణికట్టుతో వేగం చంపేయాలి. దీన్ని పరీక్షించడానికి సులువైన మార్గం ఉంది: అడ్డు లేకుండా ఒంటరిగా ఆ వేటు వేయించండి. కత్తి అనుకున్న చోట ఆగాలి. దాటిపోతోందంటే ఆ నటుడు ఇంకా సిద్ధం కాలేదు.

రెండోది అదే పద్ధతిలో కుడి తుంటి వైపు, మూడోది నెత్తి మీదికి. ముఖం మీదికి, మెడ మీదికి ఎప్పుడూ గురి పెట్టొద్దు, అడ్డు ఉన్నా సరే. నెత్తి మీది వేటును కాచేటప్పుడు కత్తి నుదుటికి బెత్తెడు ముందు, తలకన్నా ఎత్తున ఉండాలి. ఇక్కడ కిరీటం, తలపాగా చూసుకోండి. తల ఎత్తినప్పుడు జారి కళ్ళమీదికొస్తే నటుడు గుడ్డివాడైనట్టే. కాబట్టి కడపటి వారం రిహార్సల్స్ పూర్తి వేషంతో, షోలో వేసుకునే చెప్పులతోనే జరగాలి.

నాలుగోది, పాపారాయుడు తల ఎగరగొట్టబోయే వేటు. కత్తిని తన ఎడమ భుజం దాకా తెచ్చి ఆగుతాడు. భటుడు ముందు వంగుతాడు. పూర్తిగా వంగాక ఆ తల ఉన్న చోటు మీదుగా కత్తి ఎడమ నుంచి కుడికి వెళ్తుంది. భటుడు వంగలేదంటే కత్తి కదలకూడదు, ఎన్ని క్షణాలు ఆలస్యమైనా సరే.

అయిదోది పోటు. పాపారాయుడి కుడిచెయ్యి ఇప్పుడు స్టేజీ లోపలి వైపు, ప్రేక్షకులకు అవతల ఉంది. ఆయన్ని ప్రేక్షకుల కుడివైపు నిలబెట్టింది ఇందుకే. పోటు భటుడి ఎడమ పక్కగా, ఒంటికి అడుగు దూరంలో, మొన కాస్త కిందికి చూస్తూ దాటిపోతుంది. చూసేవాళ్ళకు మధ్యలో భటుడి ఒళ్ళు అడ్డం కాబట్టి కత్తి దిగినట్టే ఉంటుంది. భటుడు ఎడమచేత్తో పొట్ట పట్టుకుని మూలుగుతాడు, తన కత్తి మొన నేలకు దించేస్తాడు. పాపారాయుడు వచ్చిన దారినే కత్తి వెనక్కి లాగాలి, పక్కకు తిప్పకూడదు. అది పూర్తిగా బయటికొచ్చాకే భటుడు పడాలి.

ఈ అయిదు కదలికల్నీ మొదట నత్త నడిచినంత నెమ్మదిగా, మాటతో లెక్కపెట్టుకుంటూ చేయించండి. తప్పు లేకుండా వచ్చాక సగం వేగం, తర్వాత ముప్పాతిక. అక్కడే ఆపేయాలి. షోలో కూడా అంతే. నటులు చేయగలిగినంత వేగం ఎప్పుడూ వాడకూడదు, ఎందుకంటే ప్రేక్షకుల చప్పట్లు పడ్డాక టెన్షన్‌లో వేగం దానంతటదే పెరుగుతుంది. ఆ పెరుగుదలకు చోటు మిగిల్చాలి. పైగా మరీ వేగమైతే చూసేవాళ్ళకు ఏం జరిగిందో అర్థం కాదు.

షో రోజున తెర లేవడానికి అరగంట ముందు, అదే స్టేజీ మీద, ఒకసారి సగం వేగంతో, ఒకసారి షో వేగంతో పోరాటం నడిపించి తీరాలి. వందోసారి వేస్తున్న నాటకమైనా ఇది తప్పదు. తిరునాళ్ళ స్టేజీల్లో బల్లల మధ్య సందులు, తివాచీ మడతలు, నేలమీది మైకు తీగలు, ముందు వరుస ఎంత దగ్గరగా ఉందన్నదీ అప్పుడే బయటపడతాయి. మీరు అనుకున్నదానికన్నా స్టేజీ ఇరుకైతే కదలికలు తగ్గించండి, దూరం తగ్గించొద్దు. కొత్త నటుడొచ్చినా, కొత్త కత్తి వచ్చినా మళ్ళీ మొదటి నుంచీ నెమ్మదిగా చేయాల్సిందే. 2008లో వియన్నాలోని బుర్గ్ థియేటర్‌లో పాడైన మొద్దు కత్తి బదులు మొద్దు చేయని కొత్త కత్తి ఒక నటుడి చేతికొచ్చింది. గొంతు కోసుకునే సీన్‌లో ఆయన నిజంగానే కోసుకున్నాడు. ప్రాణం దక్కింది. రక్తం చూసి హాల్లో కొందరు నటన అనుకుని చప్పట్లు కొట్టారు.

కాబట్టి కత్తులు ఒక్కరి బాధ్యత. పెట్టెకు తాళం ఆయన దగ్గరే, సీన్‌కు ముందు గుడ్డతో రాసి నటుడి చేతికి ఇచ్చేదీ, సీన్ అవగానే లెక్కపెట్టి తీసుకునేదీ ఆయనే. ఆపేయడానికి ఒక మాట ముందే అనుకోండి, నాటకంలో ఎక్కడా రాని మాట. అది ఎవరి నోట వినిపించినా ఇద్దరూ కత్తి మొనలు నేలకు దించేసి వెనక్కి జరగాలి, భటుడి వేషం వేసిన కుర్రాడైనా సరే ఆ మాట అనొచ్చు.